పై ఫ్లాట్ నీళ్లు, కింది ఫ్లాట్ సీలింగ్: ఖర్చు ఎవరిది?

మా బాత్‌రూమ్ సీలింగ్ నాలుగు నెలలుగా కారుతోంది. పెచ్చులు ఊడుతున్నాయి, లైటు చుట్టూ కూడా చెమ్మ చేరింది. పైన ఉండేవాళ్లు అద్దెకున్నవాళ్లు. వాళ్లు ఊరెళ్లిన పది రోజులూ కారలేదు. ఓనర్‌ని అడిగితే బిల్డింగ్ పాతది, అసోసియేషన్ చూసుకోవాలంటారు. అసోసియేషన్‌వాళ్లేమో మీరూ మీరూ తేల్చుకోమంటున్నారు. మావారు పైవాళ్లతో గొడవపడ్డారు, ఇప్పుడు మాటల్లేవు. మా డబ్బుతోనే బాగు చేయించుకోవాలా?

అమ్మా, ముందు ఆ లైటు వాడటం ఆపేసి, దాని సర్క్యూట్‌కి కరెంటు తీయించండి. ఉబ్బిన పెచ్చుల కింద పిల్లల్ని నిలబడనివ్వకండి. మిగతావన్నీ దీని తర్వాతే.

వాళ్లు లేని పది రోజులూ కారలేదన్నారు చూడండి, మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట అదే. కుళాయిలకు నీళ్లు తెచ్చే పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది. అది పగిలితే, పైన మెయిన్ వాల్వు కట్టేస్తే తప్ప, ఇంట్లో మనుషులున్నా లేకున్నా కారుతూనే ఉంటుంది. వాడినప్పుడే కారుతోందంటే అనుమానం రెండింటి మీదే: వాడిన నీళ్లు పోయే పైపు, లేదా టైల్స్ సందులూ వాటి కింది వాటర్‌ప్రూఫింగూ. ఈ రెండిట్లో ఏదో తేలితే డబ్బు ఎవరు పెట్టాలో కూడా చాలావరకు తేలిపోతుంది.

తేల్చడానికి గోడలు పగలగొట్టక్కర్లేదు. సీలింగ్ మీద చెమ్మ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాసి, ఫొటో తీయండి. పైన నేల తడవకుండా, నీళ్లు పోయే జాలీలోకే నాలుగైదు బకెట్లు పోయించండి. కమోడ్ కూడా కొన్నిసార్లు ఫ్లష్ చేయించండి. గీత దాటి తడి పాకితే తప్పు పైపుది. పాకకపోతే ఒకటి రెండు రోజులు ఆగి, జాలీ మూసి, నేల మీద అంగుళం లోతున రంగు కలిపిన నీళ్లు ఇరవై నాలుగు గంటలు నిలబెట్టాలి. అప్పుడు దిగితే తప్పు నేలది. తొందరపడి రెండూ ఒకేరోజు చేయించకండి. టైల్స్ కింద నింపిన పొరలో నీళ్లు ఆగి ఆగి దిగుతాయి కాబట్టి ఏ పరీక్షకు ఏది కారిందో తెలియకుండా పోతుంది. ప్లంబర్‌తో పాటు అసోసియేషన్ నుంచి ఒకరు దగ్గరుంటే రేపు ఎవరూ కాదనలేరు.

మామూలుగా పాటించే పద్ధతి ఇది. నేలా, టైల్స్ సందులూ, ఆ ఒక్క బాత్‌రూమ్‌కే పనికొచ్చే పైపూ అయితే పై ఫ్లాట్ ఓనర్ బాగు చేయించాలి. అన్ని అంతస్తుల నీళ్లూ కలిసి దిగే నిలువు పైపు అయితే అసోసియేషన్ నిధి నుంచి పెట్టాలి. మీ అసోసియేషన్ నిబంధనల్లో వేరేగా రాసి ఉండొచ్చు, ఒకసారి తెప్పించి చదవండి. బిల్డింగ్ పాతదన్న ఒక్క మాటతో ఓనర్ తప్పించుకోలేరు. పాతబడ్డ నేలను చూసుకోవాల్సింది ఆయనే.

అద్దెకున్నవాళ్లు కుళాయి వదిలేసి నీళ్లు పొంగించారంటే వాళ్లను అడగొచ్చు. మీ విషయంలో అలా కనిపించడం లేదు. మీవారి కోపం తప్పు మనుషుల మీద పడింది. పైగా పరీక్షకు తలుపు తీయాల్సింది వాళ్లే. ఆయన వెళ్లి "ఆరోజు గట్టిగా మాట్లాడాను, ఏమనుకోకండి. ఓనర్‌గారితోనే తేల్చుకుంటాం, పరీక్షకు మాత్రం సాయం చేయండి" అంటే చాలు.

మీ సీలింగ్ పాడైంది పైనుంచి దిగిన నీళ్ల వల్లే కాబట్టి దాని ఖర్చూ లీకు ఎవరిదో వాళ్లనే అడగండి. పెచ్చులు తీసి మళ్లీ ప్లాస్టరింగ్, పాడైన మేర రంగు, చెడిన వైరింగ్ అడగడం న్యాయం. ఇల్లంతా రంగులు వేయించమంటే మాత్రం అసలుది కూడా రాకుండా పోతుంది. స్లాబ్‌లో ఇనుము తుప్పు పట్టి బయటపడితే దాన్ని శుభ్రం చేసి, తుప్పు ఆపే పూత వేశాకే ప్లాస్టర్ చేయాలి, అదీ లెక్కలోకి వస్తుంది. ఇంటి బీమా ఉంటే కాగితాలు చూడండి. హఠాత్తుగా పైపు పగిలితే ఇచ్చే పాలసీలు చాలానే ఉన్నా, నెలల తరబడి ఊరే చెమ్మకు సాధారణంగా ఇవ్వరు.

కింది నుంచి వాటర్‌ప్రూఫ్ రంగు పూస్తే సరిపోతుందని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. నీళ్లు స్లాబ్‌లోనే ఉండిపోయి ఇంకోచోట బయటపడతాయి. పైన పని అయ్యాక మళ్లీ నీళ్లు నిలబెట్టి చూసి, సీలింగ్ పూర్తిగా ఆరాకే ప్లాస్టర్ చేయించండి. ఆరడానికి కొన్ని వారాలు పట్టినా ఓపిక పట్టండి.

ఓనర్‌కి ఫోన్లో కాకుండా రాతలో, అసోసియేషన్‌కి కాపీతో ఇలా పంపండి: "ఫలానా తేదీన అందరి ముందు చేసిన పరీక్షలో లీకు మీ బాత్‌రూమ్ నేల నుంచని తేలింది. ఫొటోలు, ఇద్దరు మేస్త్రీల అంచనాలు జతచేశాం. పదిహేను రోజుల్లో పని మొదలుపెట్టించగలరు." పరీక్షలో పైపు అని తేలితే ఆ మాటే రాయండి. గడువు దాటినా కదలకపోతే ఇవే కాగితాలతో వకీలు దగ్గర నోటీసు రాయించండి. ఈలోగా సీలింగ్ కూలేలా ఉంటే మీరే పని చేయించి, బిల్లులూ ముందూ వెనకా ఫొటోలూ దాచండి. వాటి మీద తర్వాత డబ్బు అడగొచ్చు.