జ్ఞానస్నానం, పుట్టువెంట్రుకలు, బాబు కమ్యూనిటీ సర్టిఫికెట్

ప్రశ్న: మేడమ్, మేం చెన్నై పెరంబూర్‌లో ఉంటాం. నేను క్యాథలిక్, మా ఆయన హిందూ, ఆది ఆంధ్ర, ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్లి చేసుకున్నాం, ఎవరం మతం మారలేదు. బాబుకి 8 నెలలు. అమ్మ జ్ఞానస్నానం అంటోంది, అత్తయ్య తిరుపతిలో పుట్టువెంట్రుకలు అంటోంది. రెండూ చేయిద్దామని ఇద్దరం ఒప్పుకున్నాం. స్టాంపు పేపర్ మీద రాసుకుంటే చెల్లుతుందా? బాబుకి తర్వాత ఏమైనా ఇబ్బంది వస్తుందా?

జవాబు: అమ్మా, స్టాంపు పేపర్ సంగతి ముందు చెప్పేస్తా. రాసుకోండి, కానీ అది అప్పు పత్రంలా కోర్టులో పట్టుకుని అమలు చేయించుకునేది కాదు. రేపు మీ ఇద్దరికీ పడక విడాకుల దాకా వెళ్తే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ 38వ సెక్షన్ కింద పిల్లాడి కస్టడీ, చదువు గురించి కోర్టే నిర్ణయిస్తుంది, అప్పుడు చూసేది బాబు మంచి, కాస్త పెద్దవాడైతే వాడి ఇష్టం. పుట్టినప్పటి నుంచి వాడు ఎలా పెరిగాడు, మీరిద్దరూ ఏం అనుకున్నారు అనేదానికి ఆ కాగితం ఒక సాక్ష్యంగా పనికొస్తుంది, అంతవరకే.

ఆస్తి గురించి కంగారు వద్దు. మీ పెళ్లి ఆ చట్టం కింద జరిగింది, ఇద్దరూ వేర్వేరు మతాల వాళ్లు కాబట్టి మీ ఆస్తికి ఇండియన్ సక్సెషన్ యాక్ట్ వర్తిస్తుంది, బాబు గుడికి వెళ్లాడా చర్చికి వెళ్లాడా అని ఎవరూ అడగరు.

అసలు ఆలోచించాల్సింది మీ ఆయన సర్టిఫికెట్ గురించి, దీని మీద మీ ఇంట్లో ఇంకా మాట్లాడుకోలేదనిపిస్తోంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే. తమిళనాడు ఎస్సీ లిస్టులో ఆది ఆంధ్ర ఉంది, కానీ ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు ఇక్కడ బీసీ కింద వస్తారు. తల్లిదండ్రుల్లో ఒకరే ఎస్సీ అయితే పిల్లలది తండ్రి కులమే అని మొదట అనుకోవచ్చు గానీ అదే ఖాయం కాదని, ఎలా పెరిగారో చూడాలని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది.

ఇంక 2024 నవంబర్ 26న వచ్చిన పుదుచ్చేరి కేసు చూడండి. తండ్రి హిందువు, ఎస్సీ అని, తల్లి క్రిస్టియన్ అని ఒకమ్మాయి గుమాస్తా ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగింది. చిన్నప్పుడే బాప్తిస్మం అయింది, క్రమం తప్పకుండా చర్చికి వెళ్తోంది అని విచారణలో తేలింది, మళ్లీ హిందూ మతంలోకి వచ్చినట్టు రుజువు లేదు, సుప్రీంకోర్టు కుదరదంది. ఆ అమ్మాయికి ఊహ తెలియని వయసులో పెద్దవాళ్లు చేయించిన పని, పెద్దయ్యాక ఉద్యోగం దగ్గర అడ్డం తిరిగింది. నాకు బాధ అనిపించే విషయం ఇదే.

జ్ఞానస్నానం అయ్యాక చర్చి రిజిస్టర్లో బాబు పేరు, తేదీ, మీ ఇద్దరి పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు ఎక్కుతాయి. క్యాథలిక్ నియమం ప్రకారం తల్లిదండ్రుల్లో ఒక్కరు ఒప్పుకున్నా చాలు, కానీ ఒకసారి ఇచ్చిన జ్ఞానస్నానం వెనక్కి తీసుకునేది కాదు. పుట్టువెంట్రుకలకి అలాంటి రిజిస్టర్ ఉండదు. అందుకే రెండూ సమానంగా చేశాం అని మీకనిపించినా, 18 ఏళ్ల తర్వాత తాసిల్దార్ ఆఫీసు విచారణలో చేతికి దొరికే కాగితం ఒకటే. వాడు తర్వాత నేను హిందువునే అంటే, ముందు ఆ కులం వాళ్లమేనని, తిరిగి మతంలోకి వచ్చానని, ఆ కులం వాళ్లు ఒప్పుకున్నారని మూడూ చూపించుకోవాలి, ఇది 2015లో సుప్రీంకోర్టు పెట్టిన లెక్క. కుదరదని కాదు, భారం వాడి మీద పడుతుంది.

కాబట్టి నా సలహా, జ్ఞానస్నానం ఇప్పుడు ఆపండి. ఫాదర్ గారిని కలిసి విషయం దాచకుండా చెప్పి, బాబుకి ఆశీర్వాద ప్రార్థన మాత్రం చేయించమని అడగండి. క్రిస్మస్‌కి స్టార్ కట్టండి, సంక్రాంతికి ముగ్గు వెయ్యండి, అమ్మమ్మ దగ్గర ప్రార్థనా నాయనమ్మ దగ్గర శ్లోకమూ నేర్చుకోనివ్వండి, వాడు పెద్దయ్యాక కావాలంటే జ్ఞానస్నానం వాడే అడిగి తీసుకుంటాడు, ఏ వయసులోనైనా ఇస్తారు. అయితే ఒకటి, ప్రతి ఆదివారం చర్చి, జ్ఞానోపదేశం క్లాసులు, ఇంట్లో వేరే పూజ ఏమీ లేదు అన్నట్టు పెంచి, కాగితం మీద మాత్రం హిందూ ఎస్సీ అని రాయడం తప్పు, ఆ కేసులో కోర్టు తిట్టింది అలాంటి దాన్నే. ఒకవేళ మీకు విశ్వాసం ముఖ్యం, జ్ఞానస్నానం ఇప్పుడే కావాలి అంటే అది మీ హక్కు, కానీ ఎస్సీ సర్టిఫికెట్ మీద ఆశ పెట్టుకోకూడదని మీ ఆయన, అత్తయ్య కూడా తెలుసుకుని ఒప్పుకోవాలి.

స్కూల్లో చేర్పించేటప్పుడు మతం, కులం కాలమ్ ఖాళీగా వదిలేసే వీలు తమిళనాడులో 1973 ఉత్తర్వు నుంచీ ఉంది. జ్ఞానస్నానం సంగతి తేలేదాకా తొందరపడి ఏదో ఒకటి నింపకండి, ఆ స్టాంపు పేపర్లో కూడా ఈ మాట ఒక లైను రాసుకోండి.