డంబెల్‌ని కిందికి ఎలా దించుతున్నావో చూసుకో

చిన్నోడా, నువ్వు పంపిన వీడియో రెండుసార్లు చూశా. పది కిలోల డంబెల్‌తో బైసెప్స్ కర్ల్ 12 రెప్స్ కొట్టావ్ బానే ఉంది, కానీ టైం చూస్తే సెట్ మొత్తం 18 సెకన్లు, అంటే రెప్‌కి ఒకటిన్నర సెకనే. ఇంత ఈజీగా అవుతోంది కదా పన్నెండున్నర కిలోలకి వెళ్లనా మామా అంటున్నావ్, ఇప్పుడే వద్దురా.

నువ్వు చేసేదేంటంటే కింద నడుముతో ఒక ఊపు ఇస్తున్నావ్, ఆ ఊపుకే డంబెల్ సగం దూరం పైకి వచ్చేస్తోంది. మోచెయ్యి 90 డిగ్రీల దగ్గర బైసెప్స్‌కి అసలు కష్టం ఉంటుంది, నువ్వేమో అక్కడ ఊపుతోనే దాటేస్తున్నావ్. ఇక దించేటప్పుడైతే వదిలేస్తున్నావ్, వదిలేసిన బరువుని కండ మొయ్యదు, చివర్లో ఆపడానికి మాత్రం ఒక్కసారి గుంజుకుంటుంది, ఆ గుంజుడు కూడా చాలావరకు మోచెయ్యి దగ్గర కండని ఎముకకి కలిపే టెండన్ మీదే పడుతుంది.

రేపు అదే పది కిలోలు తీసుకో. వీపు గోడకి ఆనించి నిలబడు, ఊపు దానంతటదే పోతుంది. పైకి ఒక సెకనులో తే, కిందికి మూడు సెకన్లలో దించు, చెయ్యి పూర్తిగా చాచాక మళ్లీ మొదలుపెట్టు. రెప్‌కి నాలుగు సెకన్లు. నువ్వు 12 అనుకుంటావ్ గానీ ఎనిమిది దగ్గరే ఆగిపోతావ్ అని నా లెక్క, అయినా 32 సెకన్లు కండ మీద బరువు ఉన్నట్టే కదా. బరువు పెరగలేదు, రెప్స్ తగ్గాయి, సెట్ మాత్రం బరువైంది.

మొదటి రెండు మూడు రెప్స్‌లో దించడం తేలిగ్గా అనిపిస్తుంది, ఎందుకంటే కండ ఎత్తగలిగేదానికన్నా ఎక్కువ బరువునే అదుపులో పెట్టి దించగలదు. అలిసిపోయాక తెలుస్తుంది. అప్పుడు మనసులో లెక్క కూడా ఫాస్ట్ అయిపోతుంది, మూడు సెకన్లు కాస్తా ఒకటిన్నర అవుతుంది (నాకూ అయ్యేది, అందరికీ అవుతుంది), అందుకే ఫోన్‌లో మెట్రోనోమ్ 60 మీద పెట్టుకో, సెకనుకో టిక్ వినిపిస్తుంది. మూడు లెక్క పెట్టేలోపే డంబెల్ జారిపోతోందంటే సెట్ అక్కడితో అయిపోయినట్టు, ఆపెయ్.

అలాగని ఎంత స్లో అయితే అంత మంచిదని మొదలుపెట్టకు. సెట్ చివరిదాకా కష్టపడి చేస్తే అర సెకను నుంచి ఎనిమిది సెకన్ల దాకా ఏ రెప్ వేగంతోనైనా కండ పెరుగుదల ఇంచుమించు ఒకేలా ఉందని 2015లో వచ్చిన ఒక సమీక్షలో తేలింది. పది సెకన్లు దాటిస్తే బరువు బాగా తగ్గించాలి, అప్పుడు లాభం తగ్గుతుంది. మూడు కిలోలు పట్టుకుని నిమిషం సేపు లేపుతూ కూర్చుంటే టైం వస్తుంది గానీ కండకి పని పడదు. పైకి తెచ్చేటప్పుడు కావాలని స్లో చెయ్యకు, నువ్వు గట్టిగానే లాగుతున్నా అదే స్లో అవుతోందంటే సరిగ్గా చేస్తున్నావన్నమాట.

పుస్తకంలో బరువు, రెప్స్ పక్కన టెంపో కూడా రాసుకో, 3-0-1 అని, దించడం, కింద ఆగడం, ఎత్తడం. ఇదే టెంపోలో పది కిలోలు 12 వచ్చిన రోజు పన్నెండున్నర తీసుకో. మొదటి వారం రెండు సెట్లు చాలు, మర్నాడు కన్నా ఆ పైరోజు చెయ్యి ఎక్కువ పట్టేస్తుంది, అన్నం కలుపుకోవడానికి కూడా ఇబ్బంది పడితే నాకు ఫోన్ చేసి తిట్టకు.