వియత్నామీస్: ‘రా’ ఎక్కడ తగిలించాలి?

> “‘రా’ అంటే బయటికి వెళ్లడం కదా? మరి ‘న్యో రా’, ‘తిమ్ రా’లలో దానికేం పని? తీసేస్తే తప్పా?”

తీసేస్తే అర్థమే మారిపోతుంది. ‘తిమ్’ అంటే వెతకడం. దొరికిందో లేదో అందులో లేదు. ‘తిమ్ రా’ అంటే వెతికి కనిపెట్టడం: కనబడకుండా ఉన్నది బయటపడింది. జవాబు, కారణం, దారి లాంటివాటికి ఇది బాగా నప్పుతుంది. పోయిన తాళంచెవి దొరికితే మాత్రం ఎక్కువగా ‘తిమ్ థై’ అంటారు.

‘న్యో’ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ‘న్యో మే’ అంటే అమ్మ మీద బెంగగా ఉంది అని. మరిచిపోయిన పేరు ఠక్కున తడితే ‘న్యో రా’. బెంగకు ‘రా’ చేర్చకూడదు. ‘ఙీ’ ఆలోచించడం, ‘ఙీ రా’ ఉపాయం తట్టడం; ఇదీ ఆ దారే.

‘లేదు’ అనే అర్థమిచ్చే ‘ఖోంగ్’ చోటు కూడా చూసుకోండి. ‘తిమ్ ఖోంగ్ రా’ అని మధ్యలో పెడితే, వెతికినా దొరకలేదని. ‘ఖోంగ్ తిమ్’ అంటే అసలు వెతకనేలేదు.

విశేషణాల తర్వాత ‘రా’ వేరే పని చేస్తుంది. ‘దెప్ రా’ అందం పెరిగింది, ‘చే రా’ వయసు తగ్గినట్టుంది. ఈ మార్పు సాధారణంగా మంచివైపే. చిక్కిపోవడం, ముసలితనం రావడం అయితే ‘ది’ వాడతారు: ‘గై ది’, ‘జా ది’. ‘లెన్’, ‘సువోంగ్’ ఎక్కువగా కొలతకు సంబంధించినవి: ధర ‘తంగ్ లెన్’ పెరుగుతుంది, ‘జామ్ సువోంగ్’ తగ్గుతుంది.