నోట్సు రెండుసార్లు చదివినా బిల్లు చూస్తే ఏమీ గుర్తు రాదెందుకు?

ప్రశ్న: సార్, నాకు 36 ఏళ్లు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను, రోజూ ఒంగోలు నుంచి బస్సులో వెళ్లొస్తాను. ట్యాలీ ఎంట్రీలు వచ్చు కానీ జీఎస్‌టీ రిటర్నులు బయటి ఆడిటర్ గారే వేస్తారు. ఆ పని నేర్చుకుందామని మూడు నెలలుగా రాత్రిళ్లు వీడియోలు చూస్తున్నాను, నోట్సు రెండుసార్లు చదివాను. ఆఫీసులో బిల్లు చేతికి రాగానే బుర్ర ఖాళీ. వయసు ప్రభావమా?

జవాబు: వయసు మీద నెట్టకండి. నోట్సు మళ్లీ చదివేటప్పుడు ప్రతి లైనూ తెలిసిందే అనిపిస్తుంది. పెళ్లిలో కనిపించిన మనిషి ముఖం గుర్తుపట్టడం ఒకటి, ఆయన పేరు చెప్పడం ఇంకొకటి. బిల్లు మిమ్మల్ని పేరు అడుగుతోంది, మీరు చేసిందేమో ముఖాలు చూసే సాధన.

2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికా పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో ఇదే పరీక్షించారు. చదివిన అయిదు నిమిషాలకే అడిగితే, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లే బాగా రాశారు. వారం తర్వాత అడిగితే, పాఠం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. రాత్రి వీడియో అయిపోగానే 'వచ్చేసింది' అనిపిస్తుందే, అది ఆ అయిదు నిమిషాల లెక్క.

కాబట్టి వీడియోలు తగ్గించి చీటీలు రాయండి. ముందువైపు ప్రశ్న, వెనక జవాబు. 'సెక్షన్ 17(5) అంటే ఏమిటి?' లాంటి చీటీ పనికిరాదు, దానికి జవాబు ఒక పేజీ అవుతుంది. మీ టేబుల్ మీదికి వచ్చే బిల్లునే ప్రశ్నగా మార్చండి. ఉదాహరణకు ఐటీసీ, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీని మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం. 'ఓనర్ గారి కారు రిపేరు బిల్లు, ఐటీసీ తీసుకోవచ్చా?' వెనక: 'కుదరదు. 13 సీట్లు దాటని ప్యాసింజర్ బండి, మన వ్యాపారం బళ్లది కాదు.' దానికి జంటగా ఇంకో చీటీ: 'రాళ్లు మోసే మన లారీ రిపేరు బిల్లు?' వెనక: 'తీసుకోవచ్చు. సరుకు రవాణా బండి.' ఈ రెండూ పక్కపక్కన కాకుండా వేర్వేరు రోజుల్లో ఎదురైతేనే తేడా నిలబడుతుంది.

ఇక ఎప్పుడెప్పుడు చూడాలన్నది. నాలుగు పాత కవర్లు తీసుకోండి. మొదటిది రోజూ, రెండోది మూడు రోజులకు, మూడోది వారానికి, నాలుగోది మూడు వారాలకు ఒకసారి తెరవండి. చూడకుండా జవాబు చెప్పగలిగితే చీటీ తర్వాతి కవరులోకి, తప్పితే మళ్లీ మొదటి కవరులోకి. 'మార్చిలో వచ్చిన బిల్లు ఐటీసీ మర్చిపోయాం, ఎప్పటిదాకా తీసుకోవచ్చు?' అన్న చీటీనే చూడండి. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30, లేదా వార్షిక రిటర్ను వేసిన రోజు, ఏది ముందైతే అది. మొదటిసారి నవంబర్ 30 గుర్తొచ్చి, వార్షిక రిటర్ను సంగతి జారిపోయిందనుకోండి. సగం జవాబు తప్పు జవాబే, మొదటి కవరు. ఇక్కడ చాలామంది తమకు తామే మార్కులు వేసుకుంటారు. అందుకే జవాబు మనసులో కాక చిత్తుకాగితం మీద రాసి తర్వాతే తిప్పండి. బస్సులో అయితే పెదాలు కదిపినా చాలు.

రోజుకు అయిదు కొత్త చీటీలకు మించి వద్దు. ప్రతిదీ మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది కదా, ఇరవై చొప్పున రాస్తే రెండో వారానికే కట్ట చూసి టెన్షన్ వస్తుంది. నెలలో అమ్మకాలు చూపే రిటర్ను జీఎస్‌టీఆర్-1 గడువు 11, పన్ను కట్టే రిటర్ను 3బీ గడువు 20 కాబట్టి ఆ ముందు రెండు మూడు రోజులు కొత్తవి మానేసి పాతవి మాత్రం తిప్పండి. పదింటిలో ఎనిమిది తొమ్మిది వస్తుంటే దారిలో ఉన్నట్టే. అన్నీ తడుముకోకుండా వస్తుంటే ఎడం పెంచండి. ఒకే చీటీ నాలుగుసార్లు తప్పితే మీ జ్ఞాపకశక్తిని తిట్టుకోకండి, ఆ విషయం అర్థం కాలేదన్నమాట. ఆడిటర్ గారిని అడిగి చీటీ తిరగరాయండి.

మన పనిలో ఇంకో చిక్కుంది, రేట్లు మారతాయి. గ్రానైట్ బ్లాకుల మీద 12 శాతం ఉండేది 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 అయింది. పాత చీటీని గట్టిగా బట్టీ పట్టినవాడు తప్పు రేటును అంతే గట్టిగా చెబుతాడు. అందుకే రేటున్న ప్రతి చీటీ మూలన అది ఏ తేదీ నుంచో రాసి, ఆ చీటీలకు ఎర్ర గీత పెట్టుకోండి. రేట్లు మారినప్పుడు ఎర్ర గీతలవి మాత్రం తీసి సరిచేస్తే సరిపోతుంది.

చీటీలతో రిటర్ను వేయడం మాత్రం రాదు. అది చేతి పని. నెలలో 14న 2బీ, అంటే మనకు అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితా, వస్తుంది. ఓనర్ అనుమతితో దాన్ని తీసుకుని, మన కొనుగోలు రిజిస్టరుతో మీరే పోల్చి, ఏ బిల్లు ఐటీసీ తీసుకోవాలో, ఏది ఆపాలో వేరే షీటులో రాసుకోండి. ఆడిటర్ గారి లెక్క అప్పుడే చూడొద్దు. ఆయన 3బీ వేశాక రెండూ పక్కన పెట్టుకోండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ ఒక కొత్త చీటీ పుడుతుంది. మొదటి నెల పదో పన్నెండో తేడాలు వస్తే గాబరా పడకండి. వరుసగా మూడు నెలలు తేడా లేకుండా వచ్చాక, ఆ షీట్లు తీసుకుని ఓనర్ గారితో మాట్లాడండి.