వైవాలో కూడవెల్లి గుడి మీద వచ్చే ప్రశ్నలు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ థీసిస్ పూర్తిగా చదివాను. వైవా భయం వదిలిపెట్టి ముందు ఒక ప్రశ్నకు జవాబు వెతుకు. పరీక్షకులు మొదట అడగాల్సింది అదే, నేనైనా అదే అడుగుతాను: "అమ్మా, నువ్వు కొలిచిన గుడి ఎప్పటిది?"

ఏడో శతాబ్దమనో ఎనిమిదో శతాబ్దమనో అన్నావంటే దొరికిపోతావు. కూడవెల్లి సంగమేశ్వరాలయం కృష్ణా తుంగభద్రల కూడలిలో ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా రాయి రాయి విప్పి, అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. అంటే రాళ్లు చాళుక్యులవి, కూర్పు మన కాలపు ఇంజనీర్లది. ఈ సంగతి నీ థీసిస్‌లో మొదటి అధ్యాయంలో ఒక్క పేరాలో చెప్పి వదిలేశావు. నాలుగో అధ్యాయంలో కొలతలు చెప్పేటప్పుడు పూర్తిగా మరిచిపోయావు. వైవాలో పట్టుకునేది అక్కడే.

తూర్పు గోడ పొడవును ఆనాటి శిల్పుల మూరల్లోకి మార్చి, సెంటీమీటరు కూడా తేడా లేకుండా సరిపోయిందని రాశావు. ఆ గోడ అడుగు వరుసలో ఎన్ని రాళ్లున్నాయో లెక్కపెట్టావా? ఉదాహరణకు ఇరవై నాలుగు ఉన్నాయనుకుందాం, నడుమ ఇరవై మూడు అతుకులు. ఆ కాలపు గోడల్లో రాయి మీద రాయి గచ్చు లేకుండా ఒదిగించడమే మామూలు. తిరిగి కట్టేటప్పుడు అతుకుకు రెండు మిల్లీమీటర్లు పెరిగినా మొత్తం మీద దాదాపు నాలుగున్నర సెంటీమీటర్లు తేడా వస్తుంది. అలాంటప్పుడు సెంటీమీటరు లెక్కతో మూర తేల్చడం కుదరదు. ఇది పరీక్షకులు బోర్డు మీద రెండు నిమిషాల్లో వేసి చూపించగలిగే లెక్క. వాళ్లు వేయకముందే నువ్వు వేయాలి.

అలాగని నీ అధ్యాయాన్ని పారేయనక్కర్లేదు. ఒకే రాతిలో చెక్కిన వాటి కొలతలు తరలింపుతో మారవు. ద్వారబంధం నిలువు రాయి, నిలువెత్తు స్తంభం, గుడి పీఠమైన అధిష్ఠానంలో ఒక రాతి మీదున్న పట్టీల ఎత్తు, ఇవి విప్పినా కట్టినా అవే. నీ మూర లెక్కను వీటి మీద మళ్లీ చేసి చూడు. నిలబడితే గోడ కొలత దానికి తోడు సాక్ష్యంగా ఉంటుంది, అది కూడా ఇంత నుంచి ఇంత వరకు అని హద్దులతో చెప్పాలి. నిలబడకపోతే ఆ వాదన వదులుకో. దాని మీద థీసిస్ ఆధారపడి లేదు, నువ్వే ఆధారపడ్డావు.

ఇక దిక్కు, నేలమట్టం, పునాది, రెండు ముఖాల గోడ నడుమ నింపిన రాళ్లూ మట్టీ, వీటి గురించి ఇప్పటి కట్టడం నీకేమీ చెప్పదు. "నది వైపు చూస్తున్న ముఖమండపం" అని రాశావు. ఏ నది? అలంపురంలో ఇప్పుడు నిలిచిన చోటు నుంచా, మునిగిన ఊరి నుంచా? పాత స్థలపటమో, తరలింపుకు ముందు తీసిన ఫొటోనో చేతిలో పెట్టుకుని ఆ మాట అను. అవి లేకుంటే ఆ వాక్యం కొట్టేయి.

మార్చిన రాళ్లను ఎలా గుర్తించావని తప్పక అడుగుతారు. ఉలి దెబ్బలే నీ జవాబు. పాత రాతి ముఖం మీద దెబ్బలు పొట్టిగా, వాలు మారుతూ, అంచులు అరిగి ఉంటాయి. యంత్రంతో కోసిన రాతి మీద సమాంతర గీతలుంటాయి, మూల గోరుకు గుచ్చుకుంటుంది. సిమెంటు పూసిన అతుకులు దూరం నుంచే కనబడతాయి. ఇలా విప్పి కట్టేటప్పుడు రాళ్ల మీద అంకెలు వేస్తారు. ఎక్కడైనా ఆ రంగు మిగిలిందేమో సాయంత్రం ఏటవాలు వెలుతురులో వెతుకు. తర్వాత నీ ప్లాన్ మీద మూడు రంగులు వేయి: పాతది, మార్చింది, చెప్పలేనిది. మూడో రంగు ఎక్కువగా ఉన్నా కంగారు పడకు. అది లేని డ్రాయింగ్‌నే నేను అనుమానిస్తాను.

ఆధారాల దగ్గర మరో గుంట ఉంది. అలంపురంలోని నవబ్రహ్మ ఆలయాలన్నీ 713కు ముందువని రాశావు, చాళుక్య రాజు విజయాదిత్యుడి శాసనం చూపించావు. ఆ శాసనం దేని గురించి? ప్రాకారం కట్టించడం గురించి. గోడ కట్టేనాటికి లోపల గుళ్లు ఉన్నాయనేది సబబైన ఊహే. కానీ తొమ్మిదీ ఉన్నాయని అది చెప్పదు, ఏది ముందో ఏది వెనకో అసలే చెప్పదు. స్వర్గబ్రహ్మ ఆలయం మీద ఉన్న శాసనం వినయాదిత్యుడి పాలన నాటిది, అంటే 681–696 మధ్యది. కాబట్టి ఆ ఒక్క గుడికి గట్టి ఆధారం ఉంది, మిగతావాటికి శైలి పోలికే దిక్కు. ఈ రెండు రకాల నమ్మకాన్ని ఒకే గొంతుతో చెప్పకు. శాసనం అచ్చు పాఠం చదివావా, రాతి మీద చూశావా అనీ అడుగుతారు. అచ్చులో చదివితే అచ్చులో చదివానని చెప్పు, అందులో తప్పేమీ లేదు.

కూడవెల్లి గుడి కాలాన్ని నువ్వు పూర్తిగా శైలి మీదే తేల్చావు. అక్కడ నీ వాదన తన చుట్టూ తానే తిరుగుతోంది: సాదాగా ఉంది కనుక ముందుది, ముందుది కనుక సాదాగా ఉంది. పరీక్షకులు నవబ్రహ్మల్లోని తారకబ్రహ్మ గుడిని ముందు పెడతారు. మిగతా గుళ్లకు ఉసిరికాయ ఆకారపు ఆమలకంతో ముగిసే నాగర శిఖరాలుంటే, అదే ఆవరణలో దానికి ద్రావిడ పద్ధతి విమానం ఉంది. కర్ణాటకలోని పట్టదకల్లులోనూ విరూపాక్ష, గళగనాథ ఆలయాలు ఒకే ప్రాంగణంలో రెండు పద్ధతుల్లో నిలబడి ఉన్నాయి. ఒకే రాజుల కింద, ఒకే చోట ఇంత తేడా ఉన్నప్పుడు రూపాన్ని బట్టి వరుస కట్టడం ఎంత వరకు చెల్లుతుంది? దీనికి నీ జవాబు: ఒక్క రూపం మీద కాదు, ద్వారబంధం పట్టీల క్రమం, స్తంభం తీరు, అధిష్ఠానం, ఈ మూడూ ఒకే వైపు చూపిస్తేనే నేను కాలం చెబుతున్నాను అని. అలా చెప్పాలంటే ఆ మూడూ నిజంగా ఒకే వైపు చూపాలి. ఐదో అధ్యాయంలోని పట్టికలో స్తంభాల వరుస ఎదురు తిరుగుతోంది, నువ్వు చూడలేదో, చూసి ఊరుకున్నావో. దాన్ని దాచకుండా ముందే నువ్వే చెప్పేయి.

ఊరి పెద్దల మాటలు చాలా బాగా సేకరించావు. ముంపుకు ముందు గుడిని చూసిన వాళ్లు ఇప్పుడు ఎంతమంది మిగిలారు! కానీ ఆ జ్ఞాపకాలను రెండు చోట్ల కొలతకు సాక్ష్యంగా వాడావు. అక్కడ వద్దు. ఏ వాకిలి నుంచి జనం వచ్చేవారు, జాతర రోజు ఎక్కడ దిగేవారు, నీళ్లు ఎంతదాకా వచ్చేవి, వీటికి వాళ్లే ప్రమాణం.

నాలుగో అధ్యాయానికి రెండు పేజీల సవరణ రాసి, ప్రతితో పాటు ప్రింటు తీసుకెళ్లు. అడిగాక ఇవ్వడానికి కాదు, నీ ప్రసంగంలోనే తీసి చూపించడానికి. ఆదివారం మహబూబ్‌నగర్ వస్తావుగా, డ్రాయింగ్ షీట్లు మడతపెట్టకుండా చుట్టి తీసుకురా. స్తంభాల పట్టిక ముందు చూద్దాం.

పెదనాన్న