వాంతులు బేదులకి ఒక సెలైన్ పెట్టించినా మనిషి లేవట్లేదు, ఎన్ని పెట్టాలి?

ప్రశ్న: మా అమ్మకి 52 ఏళ్లు, 50 కిలోలు ఉంటది. రాత్రి నుంచి నీళ్ల బేదులు, వాంతులు. ఊర్లో ఆర్ఎంపీ ఒక బాటిల్ ఎక్కించి పంపినాడు, అయినా లేస్తే కళ్లు తిరుగుతున్నాయంటది. మాది ఆదోని పక్కన. ఇంకో బాటిల్ పెట్టియ్యాలా, ఓఆర్ఎస్ చాలా?

జవాబు: ముందు అమ్మ దగ్గరికి పోయి చూడండి, చదవడం తర్వాత. పిలిస్తే సరిగ్గా పలుకుతోందా, గ్లాసు ఇస్తే దాహంగా గటగటా తాగుతోందా లేక తాగలేక వదిలేస్తోందా, కళ్లు లోపలికి పోయినాయా. పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలితే ఎంతసేపట్లో సర్దుకుంటుందో చూడండి. మత్తుగా ఉండి తాగలేకపోతున్నా, చర్మం ముడత రెండు సెకన్లకి పైగా అట్లే నిలబడినా, మణికట్టు దగ్గర నాడి అందకపోయినా ఇంక ఆలోచించొద్దు, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకుపోండి. పెద్దవయసు వాళ్లకి, బాగా సన్నగా ఉన్నోళ్లకి చర్మం మామూలుగానే నిదానంగా సర్దుకుంటుంది కాబట్టి ఆ ఒక్క గుర్తే పట్టుకుని కూర్చోవద్దు.

నేను కర్నూలు జిల్లాలో స్టాఫ్ నర్సుని. ఒకసారి వానలు మొదలైన వారంలో ఉల్లిగడ్డ కోతలకి పోయే ఒకామెని ఆటోలో తెచ్చినారు, 45 కిలోల మనిషి. బేదులు అచ్చం బియ్యం కడిగిన నీళ్లలా పోతున్నాయి, నాడి అందట్లేదు, పొద్దున్నుంచి మూత్రం లేదు. చేతికి అప్పటికే ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించిన గుర్తు ఉంది, అరలీటరుది, నాలుగు గంటలు నిదానంగా ఎక్కించినారంట. వాళ్లాయన "సెలైన్ పెట్టించినాం కదమ్మా, ఎందుకు తగ్గలేదు" అని ఒకటే అడుగుతున్నాడు.

ఆ స్థితికి వచ్చిన మనిషి ఒంట్లోంచి బరువులో దాదాపు పదోవంతు నీళ్లు పోయుంటాయి, అంటే ఆమెకి నాలుగున్నర లీటర్లు, ఎక్కించింది అరలీటరు, అదీ ఉప్పు లేని గ్లూకోజ్. బేదుల్లో పోయేది ఉప్పు, పొటాషియం కలిసిన నీళ్లు కాబట్టి ఎక్కించాల్సింది రింగర్ లాక్టేట్, మేం ఆర్‌ఎల్ అంటాం. అది దొరక్కపోతే నార్మల్ సెలైన్ అయినా పెడతారు గానీ ఉత్త గ్లూకోజ్ మాత్రం ఇందుకు పనికిరాదు.

మా డాక్టర్ గారు కిలోకి 100 మిల్లీలీటర్ల లెక్కన 4500 అని కేస్ షీట్ మీద రాసినారు. ఏడాది దాటిన వాళ్లెవరికైనా ఇందులో కిలోకి 30 మొదటి అరగంటలోనే పోవాలి, ఆమెకి 1350, మిగతా 3150 తర్వాత రెండున్నర గంటల్లో. ఏడాదిలోపు పిల్లలకి మాత్రం ఇదే మొత్తం నిదానంగా, 30 ఒక గంటలో, 70 ఐదు గంటల్లో. అరగంటలో 1350 ఒక సన్న సూదిలోంచి పోదు, అందుకే రెండు చేతులకీ లావు సూదులు పెట్టి రెండు లైన్లూ పూర్తిగా వదిలేసినాం. మూడో బాటిల్ అయ్యేటప్పటికి నాడి అందింది, అప్పటికీ బలహీనంగా ఉంటే ఆ 30 మళ్లీ పెట్టాల్సి ఉండేది. మొత్తం తొమ్మిది బాటిళ్లు. మధ్యలో ఆమె కాస్త తెలివొచ్చి గుటక వేయగలిగిన వెంటనే ఓఆర్ఎస్ మొదలుపెట్టినాం, గంటకి ఒక పెద్ద గ్లాసు. సాయంత్రం మూత్రం పోసింది, అప్పుడే నాకు ఊపిరొచ్చింది. గుండె, కిడ్నీ జబ్బులున్న వాళ్లకి ఇంత వేగం ప్రమాదం, అందుకే ఆయాసం వస్తోందా, రెప్పలు ఉబ్బుతున్నాయా అని చూస్తూ ఉండాలి. ఇంట్లో పెట్టించేది కాదిది.

మీ అమ్మ మాట్లాడుతూ, దాహంగా తాగుతోంది అనుకోండి, నాడి బాగుంటే ఓఆర్ఎస్‌తోనే సర్దుకోవచ్చు గానీ కొద్దిగా తాగితే సరిపోదు. కిలోకి 75 లెక్కన నాలుగు గంటల్లో 3750, గంటకి దాదాపు లీటరు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి స్పూనుతో మళ్లీ మొదలుపెట్టండి. లీటరు ప్యాకెట్టుని గ్లాసు నీళ్లలో కలిపేవాళ్లని రోజూ చూస్తుంటాను, అలా చిక్కగా కలిపితే బేదులు ఇంకా పెరుగుతాయి, చిన్న ప్యాకెట్టైతే 200 మిల్లీలీటర్లకి ఉంటుంది, ప్యాకెట్ మీద చదివి కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. కూల్‌డ్రింకు వద్దు, బేదులు ఆపే మాత్రలు కూడా వేయొద్దు. నాలుగు గంటలకి మళ్లీ ఆ గుర్తులన్నీ చూడండి, తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకుపోండి, ఈలోపు మత్తుగా అయితే నాలుగు గంటలు కూడా ఆగొద్దు. తగ్గితే బేది అయిన ప్రతిసారీ ఒక గ్లాసు ఓఆర్ఎస్ తాగించండి, అన్నం మజ్జిగ కూడా పెట్టండి. ఆ ఉల్లిగడ్డల ఆమెకి రాత్రంతా బేదులు ఆగలేదు, మంచం కింద బకెట్టులో ఎంత పడిందో కొలుస్తూ అంతకంత తాగించినాం, మూడోరోజు నడిచి ఇంటికి పోయింది.