సమీక్షలో ఎంత కోట్ చేయాలి, చుక్కలు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: విశాఖ ఫిషింగ్ హార్బర్ నేపథ్యంలో వచ్చిన నవలకి సమీక్ష రాస్తున్నాను. ఒక పేరాలో ఎంత కోట్ చెయ్యొచ్చు? మధ్యలో వదిలేస్తే చుక్కలు ఎలా పెట్టాలి?

మీరు ఏ మాట గురించి మాట్లాడబోతున్నారో, ఆ మాట ఉన్న వాక్యం చాలు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సమీక్ష కోసం న్యాయంగా ఉటంకించడాన్ని ఒప్పుకుంటుంది గానీ, ఇన్ని పదాలని లెక్క చెప్పదు.

మూలం ఇలా ఉందనుకోండి: "పడవలు తిరిగొచ్చేసరికి, వాన వెలిసినా, అప్పన్న తప్ప జెట్టీ మీద ఎవరూ లేరు." వాన సంగతి మీకు అక్కర్లేకపోతే "పడవలు తిరిగొచ్చేసరికి... అప్పన్న తప్ప జెట్టీ మీద ఎవరూ లేరు" అని రాయండి. "అప్పన్న తప్ప" తీసేస్తే మాత్రం, ఎన్ని చుక్కలు పెట్టినా రచయిత అనని మాట అన్నట్టే. నాకు ఇది చాలా పెద్ద తప్పు.

రచయితే చుక్కలు వాడి ఉంటే, మీవి [...] అని బ్రాకెట్లో పెట్టండి.